అన్‌మెల్డుంగ్ రోజుకు మూడు జర్మన్ వాక్యాలు: తెలుగులో షార్ట్ ఎలా చేయాలి

జర్మనీకి కొత్తగా వచ్చే తెలుగువాళ్ల కోసం భాష నేర్పే షార్ట్ చేయాలనుకుంటే, వాక్యాల కంటే ముందు ఒక సందర్భాన్ని ఎంచుకోండి. హలో, థాంక్యూ, బాగున్నారా అనే మూడూ ఏ యాప్‌లోనైనా మొదటి పాఠంలోనే దొరుకుతాయి. వాటి కోసం మీ వీడియో ఎవరూ దాచుకోరు. రేపు పొద్దున ఒక కౌంటర్ ముందు కూర్చోవాల్సిన మనిషి మాత్రం దాచుకుంటారు, దారిలో ట్రామ్‌లో నాలుగుసార్లు చూస్తారు.

అలాంటి సందర్భంగా నేను అన్‌మెల్డుంగ్ రోజును తీసుకుంటాను. అంటే ఇంటి అడ్రస్ నమోదు. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా ఆ ఊరి ఆఫీసుకు వెళ్లి అడ్రస్ నమోదు చేయించుకోవాలని చట్టం చెబుతోంది. ఆ ఆఫీసును చాలా ఊళ్లలో బ్యూర్గర్‌ఆమ్ట్ అంటారు. చదువుకోవడానికి వచ్చినవాళ్లయినా, ఉద్యోగానికి వచ్చినవాళ్లయినా మొదట్లోనే తొక్కాల్సిన గడప అది. ప్రభుత్వ ఆఫీసుల్లో అధికార భాష జర్మనే. అక్కడివాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడితే అది వాళ్ల మంచితనం, మనం అడిగి తీసుకునే హక్కు కాదు. కొత్తవాళ్లకు టెన్షన్ వచ్చేది ఇక్కడే.

మొదటి మెట్టు: మూడు వాక్యాలను అవసరం వచ్చే వరుసలోనే పెట్టండి

లోపలికి వెళ్లగానే "నాకు అపాయింట్‌మెంట్ ఉంది" అనాలి. కుర్చీలో కూర్చున్నాక "నమోదు చేయించుకోవాలి" అనాలి. వాళ్లు గబగబా ఏదో అడిగాక "ఇంకొకసారి చెప్పండి" అనాలి. వరుస సందర్భంలోనే ఉంది కాబట్టి దాన్ని విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. స్క్రీన్ మీద పడాల్సిన అక్షరాలు ఇవి:

```
1. Ich habe einen Termin.
2. Ich möchte mich anmelden.
3. Noch einmal, bitte.
```

మూడో వాక్యాన్ని వదిలేయాలని మీకు అనిపించవచ్చు, వదలకండి. మొదటి రెండు వాక్యాలు బాగా పలికితే, ఈ మనిషికి జర్మన్ వచ్చు అనుకుని ఎదుటివాళ్లు మామూలు వేగంతో మాట్లాడతారు. ఇంటి ఓనర్ సంతకం చేసిన ధ్రువపత్రం తెచ్చారా అని అడుగుతారు. జర్మన్‌లో ఆ ఒక్క పదమే ఎనిమిది ముక్కల పొడవుంటుంది. ఆ క్షణంలో పనికొచ్చేది మూడో వాక్యమే.

ఫోన్‌లో చుక్కల ఓ టైప్ చేయాలంటే `o` మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోండి. అది రాకపోతే `oe` అని రాయడం జర్మన్లకు అలవాటే. చుక్కలు తీసేసి ఉత్త ఓ మాత్రం రాయకండి, కారణం కిందకు వెళ్లాక తెలుస్తుంది.

రెండో మెట్టు: మన నోరు ఎక్కడ తప్పుతుందో ముందే తెలుసుకోండి

ఇంగ్లిష్‌వాళ్ల కోసం చేసిన ఉచ్చారణ పాఠాలను తెలుగులోకి దించితే సరిపోదు. వాళ్లకు కష్టమైనవన్నీ మనకు కష్టం కావు, మన తప్పులన్నీ వాళ్లు చేయరు. ఈ మూడు వాక్యాల్లో తెలుగు నోటికి సహజంగా వచ్చే తప్పులు నాలుగు ఉన్నాయి.

ఒకటి, జంట హల్లు. మూడో వాక్యం చివరి పదంలో రెండు టీలు కనబడగానే మనం "బిట్టే" అంటాం. తెలుగులో ఒత్తు ఉంటే హల్లును నొక్కి పట్టి పలకాలి, గడి వేరు, గడ్డి వేరు. జర్మన్‌లో జంట అక్షరానికి ఆ పని లేదు. ముందున్న అచ్చు పొట్టిది అని చెప్పడానికే అది రెండుసార్లు రాస్తారు. కాబట్టి "బిట" అని తేలిగ్గా వదిలేయాలి.

రెండు, పదం చివర వచ్చే `e` అక్షరం. దాన్ని మనం "ఏ" అని సాగదీస్తాం: హాబే, బిట్టే. అక్కడ నిజంగా ఉన్నది అస్పష్టమైన చిన్న "అ", నోరు సగం మూసేస్తున్నప్పుడు వచ్చే శబ్దం. "హాబ", "బిట" అని రాస్తే దగ్గరగా వస్తుంది.

మూడు, అపాయింట్‌మెంట్ అనే పదం. ఇంగ్లిష్ అలవాటుతో "టెర్మిన్" అంటూ మొదటి భాగాన్ని నొక్కుతాం. నొక్కు రెండో భాగం మీద ఉంటుంది, అది దీర్ఘం కూడా. మధ్యలో రకారం దాదాపు కరిగిపోయి అచ్చులా వినిపిస్తుంది: "టెఅ-మీన్". ఇది సరిగ్గా పలికితే చాలు, ముందున్న మాటలు కొంచెం తడబడినా విషయం వాళ్లకు అందుతుంది.

నాలుగోది మనవాళ్లెవరూ గమనించనిది. తెలుగులో రెండు అచ్చులు పక్కపక్కన వస్తే సంధి చేస్తాం, లేదా మధ్యలో యకారం తెచ్చుకుంటాం. "హాబ ఐనన్" అనాల్సిన చోట "హాబయైనెన్" అని కలిపేస్తాం. "మిహ్" తర్వాత "అన్‌మెల్డన్" వస్తే "మిహన్‌మెల్డెన్" అవుతుంది. జర్మన్‌లో అచ్చుతో మొదలయ్యే పదానికి ముందు గొంతు ఒక్క క్షణం మూసుకుని మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే ఆ భాష వింటుంటే ముక్కలు ముక్కలుగా ఉన్నట్టు అనిపిస్తుంది. మీ క్యాప్షన్‌లో ఆ చోట నిలువు గీత పెట్టండి: హాబ | ఐనన్, మిహ్ | అన్‌మెల్డన్. గీత దగ్గర ఆగాలని ఒక్కసారి చెబితే సరిపోతుంది.

ఈ నాలుగూ వీడియోలో వివరించకండి. జంట హల్లు, చివరి అచ్చు, సంధి ఈ మూడింటినీ క్యాప్షన్‌లో మీరు రాసే తెలుగు అక్షరాలే సరిదిద్దుతాయి. నోటితో చెప్పాల్సింది వాక్యానికి ఒక్క సూచన మాత్రమే. రెండు చెబితే చూసేవాళ్లు రెండూ మర్చిపోతారు.

మూడో మెట్టు: రెండు రకాల సి-హెచ్

వీడియోకు ప్రాణం ఇదే, కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. జర్మన్ స్పెల్లింగ్‌లో సి, హెచ్ పక్కపక్కన వస్తే రెండు శబ్దాలు ఉంటాయి. మన మూడు వాక్యాల్లో ఆ జంట ఐదుసార్లు వస్తుంది. నాలుగుసార్లు మెత్తగా, ఒక్కసారి గరుకుగా.

మెత్తనిది ఇలా నేర్పండి. "ఈ" అని పొడుగ్గా అనమనండి. నాలుకను కదపకుండా గొంతులోని ధ్వనిని ఆపేసి గాలి మాత్రం ఊదమనండి. పిల్లి కోపంగా బుసకొట్టినప్పటి శబ్దం వస్తుంది. అదే కావాల్సింది. మొదటి పదం అంటే "ఇ" అని వెంటనే ఆ గాలి. తెలుగులో రాయడానికి "ఇహ్" అని పెట్టుకుందాం. సరిపోయే అక్షరం మనకు లేదు, దీనికి దగ్గరది ఇదే. చాలామంది "ఇష్" అంటారు. రైన్ నది ప్రాంతంలో జర్మన్లే అలా అంటారు కాబట్టి అర్థం కాకపోవడం ఉండదు. "ఇక్" అనేది బెర్లిన్ యాస. "ఇచ్" అని మాత్రం ఎక్కడా ఎవరూ అనరు, స్పెల్లింగ్ చూసి మనవాళ్లు ఎక్కువగా అనేది అదే.

గరుకుది మూడో వాక్యం మొదటి పదంలో ఉంది: "నొఖ్". నాలుక వెనక భాగం పైకి లేస్తుంది కానీ అంటుకోదు, ఆ సందులోంచి గాలి రాసుకుంటూ పోతుంది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు దీన్ని నేర్పక్కర్లేదు. దక్కనీ మాట్లాడేవాళ్లు "ఖుబానీ కా మీఠా" అనేటప్పుడు మొదట వచ్చే శబ్దం ఇదే. ఆ మాటలు చెవిన పడకుండా పెరిగినవాళ్లు ఖ ను ఉత్త క లాగే పలుకుతారు, వాళ్లకు "గొంతులో చేపముల్లు చిక్కితే ఖాకరించినట్టు, కానీ మెల్లగా" అని చెప్పండి.

ఇప్పుడు అసలు చిక్కు: ఎక్కడ మెత్తన, ఎక్కడ గరుకు?

నాలుగో మెట్టు: గుర్తుండే కిటుకు, చీమ జట్టు, చాప జట్టు

దీనికి మన భాషలోనే ఒక తాళంచెవి ఉంది. చీమ, చెట్టు, చిన్న, చెయ్యి అని పైకి అనండి. తర్వాత చాప, చుక్క, చొక్కా, చలి అనండి. అక్షరం ఒకటే, కానీ రెండో వరుసలో చ మారిపోయి పళ్ల దగ్గర "త్స" లాగా వినిపిస్తుంది. పాత వ్యాకరణాలు దాన్ని దంత్య చకారం అన్నాయి, కొందరు పైన గుర్తుపెట్టి ౘ అని రాశారు. నియమం ఏమిటంటే, అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఎ లతో కలిస్తే ఒక చ, అ, ఉ, ఒ లతో కలిస్తే ఇంకో చ. మనకు ఇది ఎవరూ నేర్పలేదు, నోటికి అదే వచ్చింది.

జర్మన్ సి-హెచ్ కూడా అచ్చులను ఇవే రెండు జట్లుగా చూస్తుంది. పక్కన ఇ, ఎ ఉంటే మెత్తన, అ, ఒ, ఉ ఉంటే గరుకు. తేడా ఒక్కటే: తెలుగులో చ తర్వాత వచ్చే అచ్చును చూస్తాం, జర్మన్‌లో సి-హెచ్ కంటే ముందున్న అచ్చును చూడాలి. శబ్దాలు కూడా వేరే, కాబట్టి చూసేవాళ్లు "ఇచ్" అనే ప్రమాదం ఉంది. "జట్లు మాత్రమే మనవి, శబ్దం వాళ్లది" అని స్పష్టంగా చెప్పండి.

ఇక చుక్కల ఓ. రెండో వాక్యంలో "కావాలి" అనే అర్థమిచ్చే పదంలో ఓ మీద రెండు చుక్కలుంటాయి. అది ఏ జట్టు? ఆ రెండు చుక్కలనూ రెండు చీమలనుకోండి. చీమలు ఎక్కిన అచ్చు ఏదైనా చీమ జట్టే. ఇది వట్టి కథ కాదు, చుక్కలు పెట్టిన అచ్చులు పలికేటప్పుడు నాలుక నిజంగానే ఇ, ఎ పలికే చోట ఉంటుంది. అందుకే ఈ కిటుకు చుక్కల అ, చుక్కల ఉ లకూ తప్పదు. వీడియోలో ఓ మీద రెండు చీమలు నడిచి వచ్చి ఆగేలా చూపిస్తే, ఆ బొమ్మే చూసినవాళ్లకు మిగులుతుంది.

ఈ అచ్చును పలికించడానికి, నాలుకతో "ఎ" అంటూ పెదాలను "ఒ" అన్నట్టు గుండ్రంగా చేయమనండి. క్యాప్షన్‌లో "మొహ్‌ట" అని రాయకండి, "మెహ్‌ట" అని రాసి పక్కన గుండ్రటి పెదాల బొమ్మ పెట్టండి. కారణం ఇదీ. పెదాలు గుండ్రంగా చేయడం మర్చిపోయి "మెహ్‌ట" అన్నా జర్మన్లకు అర్థమవుతుంది, కొన్ని యాసల్లో వాళ్లే అలా అంటారు. ఉత్త ఓ తో "మొఖ్‌ట" అంటే అది వేరే పదం, "నాకు నచ్చేది" అనే గతకాలం. చీమలు దిగిపోగానే జట్టు మారి సి-హెచ్ కూడా గరుకు కావడం గమనించండి. తప్పు జరిగితే తక్కువ నష్టం వైపు జరిగేలా అక్షరాలు ఎంచుకోవడమే క్యాప్షన్ రాసేవాళ్ల పనితనం.

కిటుకుకు హద్దులున్నాయి. సి-హెచ్ తర్వాత ఎస్ వస్తే చాలాచోట్ల "క్స్" అవుతుంది, ఆరు అంకెను "జెక్స్" అనడం అందుకే. ముందు అచ్చు కాకుండా న, ర, ల లాంటి హల్లు ఉంటే మెత్తనిదే. ఇవి మన మూడు వాక్యాల్లో లేవు, వీడియోలో ఎత్తకండి.

ఐదో మెట్టు: స్క్రిప్ట్

2024 అక్టోబర్ నుంచి యూట్యూబ్ షార్ట్ 3 నిమిషాల వరకు ఉండొచ్చు. ఉండొచ్చు కదా అని సాగదీయకండి, దీనికి 80 సెకన్లు చాలు. కిటుకును రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ మధ్యలో పెట్టండి. అప్పటికి మెత్తని శబ్దం నాలుగుసార్లు వినేసి ఉంటారు, కిటుకు చెప్పగానే గరుకుది ఎదురవుతుంది. కిటుకును మొదట్లో పెడితే దేని గురించో తెలియదు, చివర్లో పెడితే అప్పటికే జారుకుంటారు.

0 నుంచి 6 సెకన్లు: "అన్‌మెల్డుంగ్‌కి వెళ్తున్నారా? లోపలికి వెళ్లాక వరుసగా ఈ మూడే అనండి."

6 నుంచి 20: జర్మన్ గొంతులో మొదటి వాక్యం. మీరు: "నాకు అపాయింట్‌మెంట్ ఉంది. ఇహ్ హాబ, ఆగండి, ఐనన్ టెఅ-మీన్. మీన్ దగ్గర నొక్కండి." ఖాళీ. మళ్లీ జర్మన్ గొంతు.

20 నుంచి 38: రెండో వాక్యం. "నమోదు చేయించుకోవాలి. ఇహ్ మెహ్‌ట మిహ్, ఆగండి, అన్‌మెల్డన్. నాలుకతో ఎ, పెదాలతో ఒ." ఇక్కడ ముఖం దగ్గరగా. ఖాళీ. జర్మన్ గొంతు.

38 నుంచి 58: "చీమ, చెట్టు. చాప, చుక్క. చ మారింది, విన్నారా? జర్మన్ సి-హెచ్ కూడా అంతే. ముందు ఇ, ఎ ఉంటే చీమ జట్టు, మెత్తగా: ఇహ్. అ, ఒ, ఉ ఉంటే చాప జట్టు, గరుగ్గా: నొఖ్. ఓ మీద చీమలెక్కితే? చీమ జట్టే. జట్లు మనవి, శబ్దం వాళ్లది."

58 నుంచి 70: మూడో వాక్యం. "ఇంకొకసారి చెప్పండి. నొఖ్ ఐన్‌మాల్, బిట. టీ ఒత్తకండి." ఖాళీ. జర్మన్ గొంతు.

70 నుంచి 80: తెలుగులో సందర్భం మాత్రం స్క్రీన్ మీద: "లోపలికి వచ్చారు", "కూర్చున్నారు", "అర్థం కాలేదు". ఒక్కోదాని తర్వాత మూడు సెకన్ల నిశ్శబ్దం, జవాబు చూపించకండి. వినడంతో ఆగకుండా చూసేవాళ్లు జ్ఞాపకం నుంచి వాక్యాన్ని బయటికి లాగాల్సింది ఇక్కడే.

ఖాళీ అని రాసిన చోట నిజంగా ఖాళీ ఉండాలి. వాక్యం ఒకసారి అనడానికి మీకు పట్టే సమయానికి రెట్టింపు ఇవ్వండి, కొత్తవాళ్లు మెల్లగా అంటారు. ఎడిటింగ్‌లో నిశ్శబ్దాన్ని కత్తిరించే అలవాటు ఉంటే ఈ ఒక్క వీడియోకి మానుకోండి.

ఆరో మెట్టు: రికార్డింగ్

వాక్యాలను జర్మన్ మాతృభాషగా ఉన్నవాళ్ల చేత అనిపించండి, వాళ్ల అనుమతి అడిగి. తోటి విద్యార్థి, పక్కింటివాళ్లు, ఎవరైనా సరే. ఒక్కో వాక్యాన్ని ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి మెల్లగా చెప్పమనండి. వీడియోలో ముందు వాడాల్సింది మామూలు వేగానిది. మరీ మెల్లగా చెబితే మనుషులు సహజంగా పలకని శబ్దాలు కూడా పలుకుతారు, టెఅ-మీన్‌లో కరిగిపోవాల్సిన రకారం మళ్లీ బయటపడుతుంది.

మెత్తని సి-హెచ్ ఉత్త గాలి. మైకుకు అది గదిలో ఫ్యాన్ చప్పుడులాగే ఉంటుంది. ఫ్యాన్ ఆపేయండి, కిటికీ మూయండి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, నేరుగా కాకుండా కొంచెం పక్కగా పెట్టండి. ఎడిటింగ్ యాప్‌లో నాయిస్ తగ్గించే బటన్ నొక్కితే ఆ శబ్దం కూడా సగం ఎగిరిపోయి "ఇ" మాత్రమే మిగలొచ్చు. నొక్కకముందు, నొక్కాక రెండూ ఇయర్‌ఫోన్స్‌తో విని పోల్చండి. వెనక మ్యూజిక్ ఈ వీడియోకి అసలు వద్దు.

పెదాల మీద వెలుతురు పడాలి. రెండో వాక్యంలో పెదాలు కనబడకపోతే సూచన వృథా. క్యాప్షన్లు ఫ్రేమ్ అడుగున కాకుండా మధ్యకంటే కొంచెం కింద పెట్టండి, అడుగు భాగాన్ని యాప్ బటన్లు, చానల్ పేరు కప్పేస్తాయి. చీమ జట్టు అక్షరాలకు ఒక రంగు, చాప జట్టుకు ఇంకో రంగు ఇచ్చి, అవే రంగులు మొదటి వాక్యం నుంచే వాడండి.

ఏడో మెట్టు: పెట్టే ముందు పరీక్షించండి

జర్మన్ ఒక్క ముక్క రాని తెలుగు మనిషికి చూపించండి, ఇండియాలో ఉన్న అక్కకో బాబాయికో పంపినా సరే. రెండుసార్లు చూడమనండి. మర్నాడు ఫోన్ చేసి, "అక్కా, లోపలికి వెళ్లగానే ఏమనాలి?" అని సందర్భం మాత్రం చెప్పండి. వాళ్ల జవాబు రికార్డు చేసి, వాక్యాలు పలికిన జర్మన్ స్నేహితులకు వినిపించి, వినబడింది వినబడినట్టు రాయమనండి. మీరు విని మార్కులేయకండి. ఏమనాలో మీకు ముందే తెలుసు కాబట్టి మీ చెవి తప్పును సరిచేసి వింటుంది.

వాళ్లు రాసిన దాన్నిబట్టి ఏది మార్చాలో తెలుస్తుంది. రెండో వాక్యంలో చుక్కలు లేని ఓ రాస్తే, పెదాల సూచన అందింది, నాలుక సూచన అందలేదు. "ఎ" ను ముందు పలికించి, పెదాలు తర్వాత కలపండి. అన్నిచోట్లా "క్" రాస్తే, గాలి శబ్దం రికార్డింగ్‌లో పోయి ఉండొచ్చు, స్క్రిప్ట్ ముట్టుకోకుండా ముందు ఆడియో చూడండి. "ఇచ్" వచ్చిందంటే చీమ కిటుకు శబ్దం మీదకు పాకింది, "ఈ అని గాలి ఊదండి" అన్న ముక్కను చీమల బొమ్మ కంటే ముందు కొత్తగా చేర్చి ఆ ఇరవై సెకన్లు మళ్లీ తీయండి. వాక్యాలు సరిగ్గా ఉండి వరుస తప్పితే, 70వ సెకను తర్వాత ఇచ్చిన మూడు సెకన్లు చాలలేదని అర్థం, ఐదు చేయండి.